ఆఫీసు కాల్స్‌కు డాంగిల్ హెడ్‌సెట్టా, బ్లూటూత్ హెడ్‌సెట్టా? తేడా మైకు దగ్గర మొదలవుతుంది

ఆఫీసు కాల్స్ కోసం హెడ్‌సెట్ కొందామని వెతికితే రెండు రకాలు కనబడతాయి. ఒకదాని డబ్బా మీద '2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్' అని ఉంటుంది, లోపల గోరంత యూఎస్‌బీ డాంగిల్ ఉంటుంది. రెండోదాని మీద 'బ్లూటూత్' అని ఉంటుంది. ఈ పేర్లు చూసి రెండూ వేర్వేరు రేడియో బ్యాండ్లలో నడుస్తాయని, డాంగిల్ రకానికి చుట్టుపక్కల సిగ్నళ్ళ బెడద ఉండదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. బ్లూటూత్ నడిచేది కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఆ కొంచెం చోటులోనే బ్లూటూత్, డాంగిల్, వైర్‌లెస్ మౌసు, పాత వైఫై అన్నీ సర్దుకోవాలి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ వదిలే రొద కూడా అక్కడే పడుతుంది.

మరి ఒకే బ్యాండ్‌లో ఉన్న రెండింటికీ కాల్‌లో అంత తేడా ఎందుకు వస్తుంది? కారణాలు రెండు. మైకు తెరుచుకోగానే మాటను ఏ పద్ధతిలో కుదించి పంపుతున్నారన్నది ఒకటి. ల్యాప్‌టాప్ వైపు ఆ మాటను అందుకునే రేడియో ఎవరిదన్నది రెండోది. హెడ్‌సెట్ గురించి అడిగేవాళ్ళు ఎక్కువగా తమకు వినబడే శబ్దం గురించే అడుగుతారు. ఆఫీసు కాల్‌లో మన చెవికి వచ్చే శబ్దం దాదాపు ఎప్పుడూ సరిపోయేంత బాగానే ఉంటుంది. దెబ్బతినేది అవతలివాళ్ళు వినే మన గొంతు. అది మనకు వినబడదు కాబట్టి ఏళ్ళ తరబడి తెలియకుండానే గడిచిపోతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్‌కు రెండు నడకలున్నాయి. పాటలు వినేటప్పుడు ఏ2డీపీ అనే ప్రొఫైల్‌లో ఉంటుంది. అది ఒకవైపే పోయే దారి: ల్యాప్‌టాప్ నుంచి చెవికి, స్టీరియోలో, మంచి నాణ్యతతో. అందులో మైకుకు చోటు లేదు. టీమ్స్‌లోనో జూమ్‌లోనో మైకు తెరుచుకున్న క్షణంలో హెడ్‌సెట్ ఆ దారి వదిలేసి హెచ్‌ఎఫ్‌పీ అనే రెండో ప్రొఫైల్‌కు మారుతుంది. ఇది కారులో ఫోన్ మాట్లాడడం కోసం పుట్టిన పద్ధతి. ఇటు మాట, అటు మాట రెండూ పోతాయి గానీ ఒక్కో దిశకు సెకనుకు 64 కిలోబిట్లే దక్కుతాయి. స్టీరియో పోయి మోనో అవుతుంది. కాల్‌లో చేరగానే వెనక మోగుతున్న పాట ఒక్కసారిగా డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోవడం మీరు గమనించే ఉంటారు. ఆ మార్పు ఇదే. విండోస్ 10లో ఇది కళ్ళకు కూడా కనబడేది. ఒకే హెడ్‌సెట్‌కు Stereo అని ఒక పేరు, Hands-Free AG Audio అని ఇంకో పేరు ఉండేవి. విండోస్ 11 ఆ రెండింటినీ ఒకే పేరు కింద చూపిస్తుంది, లోపల జరిగే మార్పు మాత్రం అదే.

హెచ్‌ఎఫ్‌పీలో మాటను కుదించడానికి మొదట్లో ఉన్న కోడెక్ సెకనుకు 8 వేల నమూనాలు తీసుకునేది. నమూనాల సంఖ్యలో సగం వరకే ధ్వని నిలుస్తుంది కాబట్టి 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. మన 'స', 'ఫ' శబ్దాల్లో గాలి ఈలలాగా వచ్చే భాగం చాలావరకు దానికి పైనే ఉంటుంది. ఫోన్‌లో టికెట్ నంబరు చెప్పేటప్పుడు 'ఎస్' అన్నారా 'ఎఫ్' అన్నారా అని అవతలివాళ్ళు రెండోసారి అడిగేది అందుకే. తర్వాత వచ్చిన ఎంఎస్‌బీసీ అనే కోడెక్ 16 వేల నమూనాలు తీసుకుంటుంది, అంటే 8 కిలోహెర్ట్జ్ వరకు నిలుస్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న చాలా హెడ్‌సెట్లు, ల్యాప్‌టాప్‌లు దీన్ని పలుకుతాయి. రెండు వైపులా ఉంటేనే అది పనిచేస్తుంది, ఒక వైపు లేకపోతే మళ్ళీ పాతదానికే దిగుతుంది. మాట అర్థం కావడానికి ఎంఎస్‌బీసీ నిజంగా సరిపోతుంది. కాబట్టి ఈ రోజు బ్లూటూత్ కాల్‌లో గొంతు పాడవుతోందంటే, తప్పు కోడెక్‌దే అని తేల్చేయకూడదు.

అసలు చిక్కు ఆ ముక్కలు గాల్లో ప్రయాణించే తీరులో ఉంది. ఎంఎస్‌బీసీ మన మాటను 7.5 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. ప్రతి ముక్కకూ గాల్లో ఒక నిర్ణీత సమయం ఉంటుంది. ఆ సమయానికి వెళ్ళిన ముక్క పాడైతే మళ్ళీ పంపడానికి ఒకటో రెండో అవకాశాలు దొరుకుతాయి. ఆలోగా చేరకపోతే ఆ ముక్కను వదిలేసి తర్వాతి ముక్కకు వెళ్ళాల్సిందే. వింటున్న వైపు ఆ ఖాళీని ముందటి శబ్దంతో పూడ్చి కప్పేస్తారు. ఒకటి రెండు ముక్కలు పోతే తెలియదు, వరసగా పోతే గొంతు రోబో గొంతులాగా వణుకుతుంది. పాటలకు ఈ కష్టం లేదు. అవి వినబడేముందు సెకనులో పదోవంతు నుంచి అయిదోవంతు దాకా నిల్వ చేసుకుంటాయి. ఒక ముక్క పోయినా మళ్ళీ మళ్ళీ తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. "పాటలు శుభ్రంగా వస్తున్నాయి, హెడ్‌సెట్ బాగానే ఉంది, మీ నెట్టే బాగోలేదు" అని కాల్‌లో వాదించేవాళ్ళు కనబడతారు. పాటలు బాగా రావడం మైకు దారి గురించి ఏమీ చెప్పదు.

ఇక ల్యాప్‌టాప్ లోపలి రేడియో సంగతి. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి, యాంటెన్నా కూడా పంచుకుంటాయి. వైఫై 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే పెద్ద గొడవ లేదు. వైఫై కూడా 2.4లోనే ఉంటే మాత్రం ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టే: ఒకటి నిండుతున్నంతసేపు రెండోది ఆగాలి. కాల్‌లో ఈ రెండూ ఒకే మాటను మోస్తుంటాయన్నది గుర్తుంచుకోండి. హెడ్‌సెట్ నుంచి ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్ మోస్తుంది, ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు వైఫై మోస్తుంది. వీడియో తోడైతే వైఫైకి ఇంకా ఎక్కువ సమయం కావాలి, ఆ మేరకు బ్లూటూత్ ముక్కలు గడువు దాటిపోతాయి.

రద్దీ నుంచి తప్పించుకోవడానికి బ్లూటూత్‌కు ఒక తెలివి ఉంది. పాత బ్లూటూత్ ఈ బ్యాండ్‌ను ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పున 79 చానెళ్ళుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది. ఏ చానెళ్ళలో వైఫై రొద ఉందో గమనించి వాటిని జాబితాలోంచి తీసేస్తుంది. కానీ కనీసం 20 చానెళ్ళు ఉంచుకోవాలన్నది నియమం. పక్క ఇళ్ళ రూటర్లు 1, 6, 11 చానెళ్ళలో పరుచుకుంటే, ఒక్కోటి 20 మెగాహెర్ట్జ్ చొప్పున అరవై దాకా అవే తీసుకుంటాయి. మిగిలిన సందుల్లో బ్లూటూత్‌లు, డాంగిళ్ళు, మౌసులు అన్నీ తలదాచుకోవాలి. బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లాంటి చోట్ల పీజీల్లో ఒక్కో అంతస్తుకు రెండు మూడు రూటర్లు, గదికి ముగ్గురు చొప్పున ల్యాప్‌టాప్‌లు ఉంటాయి. అక్కడ తప్పించుకుపోవడానికి ఖాళీ చానెల్ పెద్దగా మిగలదు.

డాంగిల్ హెడ్‌సెట్ విండోస్ ప్రొఫైళ్ళు మార్చే చిక్కును పక్కన పెట్టేస్తుంది, రేడియో చిక్కును తగ్గిస్తుంది. ల్యాప్‌టాప్‌కు డాంగిల్ ఒక యూఎస్‌బీ సౌండ్‌కార్డుగా కనబడుతుంది. విండోస్‌కు అక్కడ బ్లూటూత్ అనే విషయమే తెలియదు, ఏ2డీపీ నుంచి హెచ్‌ఎఫ్‌పీకి మారే తంతు విండోస్ చేతిలో ఉండదు. గాల్లో మాటను ఎలా పంపాలో డాంగిల్, హెడ్‌సెట్ తమలో తాము తేల్చుకుంటాయి. రెండూ ఒకే తయారీదారు చేసినవి కాబట్టి ఒకరి భాష ఒకరికి తెలుసు. పైగా ఆ రేడియోకు వేరే పని లేదు, వైఫైతో యాంటెన్నా పంచుకోవాల్సిన అవసరమూ లేదు.

డాంగిల్ అన్న పేరుతో అమ్మేవి మాత్రం మూడు రకాలు. ఇక్కడే కొనేవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు కాబట్టి కాస్త ఆగి చూడాలి. గేమింగ్ హెడ్‌సెట్లతో వచ్చేది తయారీదారు సొంత రేడియో పద్ధతి. దాని మీద '2.4' అని ప్రత్యేకంగా రాస్తారు, బ్లూటూత్ కూడా ఉంటే దానికి వేరే బటన్ ఉంటుంది. ఆఫీసు కాల్స్ కోసమే చేసిన హెడ్‌సెట్లతో వచ్చే డాంగిల్ చాలాసార్లు లోపల బ్లూటూతే. ఫ్యాక్టరీలోనే జతచేసి పంపుతారు. బ్యాండ్ మారలేదు, కోడెక్ కూడా ఎంఎస్‌బీసీయే కావచ్చు, అయినా తనకంటూ రేడియో ఉండడం వల్ల నిలకడ వస్తుంది. మూడోది కొన్ని వందల రూపాయలకు విడిగా దొరికే సాధారణ బ్లూటూత్ అడాప్టర్. అది సౌండ్‌కార్డుగా కనబడదు, ల్యాప్‌టాప్‌కు ఇంకో బ్లూటూత్ రేడియోగా కనబడుతుంది. ప్రొఫైళ్ళు మార్చే పని మళ్ళీ విండోస్ దగ్గరికే వస్తుంది. దాన్ని కొని డాంగిల్ హెడ్‌సెట్ లాభాలన్నీ వస్తాయని ఆశించడం వృథా. గుర్తుపట్టడం తేలిక: గుచ్చిన వెంటనే, ఏదీ జతచేయకుండానే, సౌండ్ సెట్టింగుల్లో కొత్త స్పీకరు, కొత్త మైకు కనబడితే అది సౌండ్‌కార్డు రకం.

గేమింగ్ రకం కొనేవాళ్ళకు ఇంకో మాట. వినే వైపు ఎంతో గొప్పగా ఉన్న కొన్ని హెడ్‌సెట్లలో మైకు దారిని తయారీదారులే ఇరుకు చేస్తారు, రేడియో సమయమంతా స్టీరియో శబ్దానికి కేటాయించడం కోసం. అలాంటిదాని మైకు మామూలు బ్లూటూత్ కన్నా మెరుగ్గా ఏమీ ఉండదు. స్పెసిఫికేషన్లలో మైకు పౌనఃపున్యం ఎంతవరకో రాసి ఉంటే చూడండి.

ఇవన్నీ కలిసి ఒకచోట ఎలా బయటపడతాయో మా పిన్ని కూతురి విషయంలో దగ్గరుండి చూశాను. తను మారతహళ్ళిలో పీజీలో ఉంటుంది, కస్టమర్ సపోర్టు పని, రోజంతా కాల్సే. "అన్నా, నాకు అందరి మాటా బాగా వినిపిస్తుంది. వాళ్ళకే నా గొంతు ముక్కలు ముక్కలుగా పోతోందంట. మేనేజర్ నెట్ మార్చుకోమంటున్నాడు," అంది. నెట్ మార్చే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. విండోస్‌లో ఉండే సౌండ్ రికార్డర్ తెరిచి, అదే బ్లూటూత్ హెడ్‌సెట్ మైకుతో ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేయాలి. ఈ రికార్డింగు ఇంటర్నెట్ దాకా పోదు, ల్యాప్‌టాప్‌లోనే ఆగుతుంది. దాంట్లోనే గొంతు విరిగితే తప్పు నెట్‌ది కాదు, హెడ్‌సెట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్న దారిది.

మొదట వైఫై ఆపేసి రికార్డు చేయించాను. గొంతు కాస్త ఇరుకుగా ఉంది గానీ ఎక్కడా తెగలేదు. తర్వాత వైఫై పెట్టి, ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతుండగా అదే మాట మళ్ళీ చెప్పించాను. వాక్యం మధ్యలో అక్షరాలు ఎగిరిపోయాయి. అంటే హెడ్‌సెట్ పాడవలేదు, ల్యాప్‌టాప్ లోపల వైఫై, బ్లూటూత్ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. వైఫై ఏ బ్యాండ్‌లో ఉందో చూడడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టించాను:

```
netsh wlan show interfaces
```

వచ్చిన వరసల్లో Channel ఎదురుగా 6 ఉంది. 1 నుంచి 13 లోపు ఉంటే 2.4 గిగాహెర్ట్జ్, 36 గానీ దానికి పైన గానీ ఉంటే 5 గిగాహెర్ట్జ్. మంచి ల్యాప్‌టాప్, మంచి హెడ్‌సెట్ ఉండి కూడా ఇలా అవుతున్న చోట సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది: వైఫైని 5కు మారిస్తే చాలు, డబ్బు ఖర్చు లేదు. మీ ఇంట్లో రూటర్ మీ చేతిలో ఉంటే ముందు ఈ పని చేయండి, డాంగిల్ గురించి తర్వాత ఆలోచించండి. తన పీజీలో 5 గిగాహెర్ట్జ్ పేరు ఉంది గానీ రూటర్ వరండా చివర ఉంది. రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ నిలవలేదు. తనకు డాంగిల్ తప్పలేదు.

ఆఫీసు రకం డాంగిల్ హెడ్‌సెట్ తెప్పించుకుంది. గొంతు తెగడం ఆగింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్: "అన్నా, మళ్ళీ మొదలైంది, కానీ అన్నిసార్లూ కాదు." ఎప్పుడెప్పుడు అని అడిగితే, బ్యాకప్ పెట్టినప్పుడు అంది. డాంగిల్‌ను యూఎస్‌బీ హబ్‌లో గుచ్చింది, దాని పక్క రంధ్రంలోనే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ ఉంది. ఇది చాలామందికి తెలియని తగువు. యూఎస్‌బీ 3 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపేటప్పుడు దాని తీగలు, కనెక్టర్ల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పరుచుకుంటుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. ఆ రొద పుట్టే చోటికి రెండు సెంటీమీటర్ల దూరంలో డాంగిల్ ఉంటే, హెడ్‌సెట్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్ అందులో మునిగిపోతుంది. డేటా పోనప్పుడు రొద తగ్గుతుంది, కాబట్టి సమస్య వచ్చిపోతూ ఉంటుంది. మన మాటే అవతలికి తెగుతూ, వాళ్ళ మాట మనకు బాగానే వినబడుతుంటే ఇది అని అనుమానించవచ్చు, ఎందుకంటే చెవిటిదవుతున్నది డాంగిల్, హెడ్‌సెట్ కాదు. మందు కూడా చిన్నదే: ఒక మీటరు పొడవు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, డాంగిల్‌ను బల్ల మీదికి, కంటికి కనబడేలా తెచ్చిపెట్టడం. తను అదే చేసింది, బ్యాకప్ నడుస్తుండగా రికార్డు చేసి చూసుకుంది. గొంతు తెగలేదు. డాకింగ్ స్టేషన్ వెనక, ఇనుప బల్ల కింద, సీపీయూ వెనక వైపు డాంగిల్ గుచ్చేవాళ్ళందరికీ ఇదే మాట చెబుతాను.

ఆలస్యం గురించి ప్రకటనల్లో చాలా రాస్తారు. గేమింగ్ డాంగిళ్ళకు అది పెద్ద విషయమే, తెర మీద కాల్పులు, చెవిలో చప్పుడు ఒకేసారి కలవాలి. కాల్స్‌కు మాత్రం లెక్క వేరు. నోటి నుంచి అవతలి చెవి దాకా మొత్తం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదన్నది అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు. బ్లూటూత్ కాల్ దారిలో నిల్వ చేసుకోవడం తక్కువ కాబట్టి పాటల దారి అంత ఆలస్యం దానికి లేదు. ఆలస్యం కోసమే బ్లూటూత్ వదిలి డాంగిల్‌కు మారనక్కర్లేదు. అయితే ఇంకో కిటుకు వాడేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. బ్లూటూత్ హెడ్‌సెట్‌ను స్పీకరుగా మాత్రమే ఉంచి, మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే హెడ్‌సెట్ పాటల దారిలోనే ఉండిపోతుంది, గొంతు కూడా నేరుగా పోతుంది. నిశ్శబ్దంగా ఉన్న సొంత గదిలో ఇది బాగా పనిచేస్తుంది. కానీ అవతలి మాట మనకు చేరడం ఆలస్యమై, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఆగడం ఎక్కువవుతుంది. పీజీ గదిలో పక్కవాళ్ళ ఫ్యాను, కుక్కరు, మాటలు అన్నీ కాల్‌లోకి పోతాయి.

డాంగిల్ రకానికి ఇంకో లాభం మ్యూట్ బటన్ దగ్గర ఉంది. ఆఫీసు డాంగిల్ సౌండ్‌కార్డుగానే కాక, కాల్ బటన్లున్న పరికరంగా కూడా ల్యాప్‌టాప్‌కు పరిచయం చేసుకుంటుంది. హెడ్‌సెట్ మీద మ్యూట్ నొక్కితే టీమ్స్ తెర మీద కూడా మ్యూట్ పడుతుంది. నేరుగా బ్లూటూత్‌తో కలిపినప్పుడు చాలా హెడ్‌సెట్లలో ఈ రెండూ విడివిడిగా ఉండిపోతాయి. తెర మీద మైకు తెరిచే ఉంటుంది, హెడ్‌సెట్‌లో మూసి ఉంటుంది, మనం మాట్లాడుతూనే ఉంటాం. కాల్స్ మీదే జీతం ఆధారపడినవాళ్ళకు ఈ ఒక్క కారణం చాలు డాంగిల్ వైపు మొగ్గడానికి.

బ్లూటూత్ గెలిచే చోటు ఫోను. సగం కాల్స్ ల్యాప్‌టాప్‌లో, సగం ఫోన్‌లో మాట్లాడేవాళ్ళకు రెండింటితోనూ ఒకేసారి కలిసి ఉండే మల్టీపాయింట్ బ్లూటూత్ హెడ్‌సెట్ సౌకర్యం. ఆఫీసు డాంగిల్ రకాల్లో చాలావాటికి ఈ బ్లూటూత్ కూడా ఉంటుంది: ల్యాప్‌టాప్‌కు డాంగిల్, ఫోనుకు బ్లూటూత్. ఖర్చు ఎక్కువే గానీ రెండూ చేసేవాళ్ళకు అదే సరైనది.

కంపెనీ ల్యాప్‌టాప్ అయితే కొనేముందు ఐటీ వాళ్ళను ఒక మాట అడగండి. కొన్ని కంపెనీలు బ్లూటూత్‌ను పూర్తిగా మూసేస్తాయి. కొన్ని అనుమతించిన యూఎస్‌బీ పరికరాలనే ఒప్పుకుంటాయి. పెన్‌డ్రైవ్‌లను మాత్రమే ఆపే చోట డాంగిల్ సాధారణంగా పనిచేస్తుంది, అది నిల్వ పరికరం కాదు కాబట్టి. ఇక బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ టెక్‌పార్కుల్లో ఒకే హాల్లో పక్కపక్కన నలభై యాభై మంది కాల్‌లో ఉండే సపోర్టు బృందాలకు నా సలహా వేరు. అక్కడ డాంగిళ్ళు కూడా ఒకే బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్కో కాల్ రోజంతా గాల్లో సమయం తింటూనే ఉంటుంది. సీటు వదిలి లేవాల్సిన అవసరం లేనివాళ్ళకు యూఎస్‌బీ తీగ హెడ్‌సెట్ ఇవ్వడమే మంచిది.

బ్లూటూత్ వైపు మార్పు కూడా మొదలైంది. 2020లో వచ్చిన బ్లూటూత్ 5.2తో ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతికి పునాది పడింది. అందులోని ఎల్‌సీ3 కోడెక్ సెకనుకు 32 వేల నమూనాలతో కాల్ నడపగలదు, అంటే 16 కిలోహెర్ట్జ్ వరకు గొంతు నిలుస్తుంది. దానికి హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ రేడియో, డ్రైవరు, విండోస్ 11 అన్నీ ఒప్పుకోవాలి. మీ ల్యాప్‌టాప్ సంగతి తెలియాలంటే బ్లూటూత్ డివైజ్ సెట్టింగుల్లో Use LE Audio when available అనే మీట ఉందేమో చూడండి. అది కనబడకపోతే, డబ్బా మీద ఎల్ఈ ఆడియో అని రాసి ఉన్న హెడ్‌సెట్ కొన్నా మీ కాల్ పాత హెచ్‌ఎఫ్‌పీ దారిలోనే నడుస్తుంది.